1,311 కిలోలు 1,381 ఎలా అయ్యాయి?

2019 ఏప్రిల్ 17 రాత్రి. తమిళనాడులో తిరువళ్లూరు జిల్లా వేపంపట్టు దగ్గర ఎన్నికల తనిఖీ బృందం ఒక వాహనాన్ని ఆపింది. తెల్లవారితే ఆ రాష్ట్రంలో పోలింగు. నోట్ల కట్టల కోసం వెతుకుతున్నవాళ్లకు దొరికింది బంగారం, అదీ 1,381 కిలోలు. ఎవరిదని అడిగితే తిరుమల వెంకన్నదన్నారు. అప్పటి ధరకు నాలుగు వందల కోట్లకు పైమాటే. అంత బంగారం రాత్రిపూట రోడ్డు మీద, దేవస్థానం మనిషి ఒక్కడూ వెంట లేకుండా!

ఇక మాటలకు కొదవేముంది? కొండ మీది బంగారాన్ని దొంగచాటుగా చెన్నైకి తరలిస్తున్నారని ఒకరు, ఎన్నికల ఖర్చులకు తీశారని ఇంకొకరు, స్వామి నగలే కరిగించేశారని మరొకరు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఎలాగూ ఉంది. నిజానికి ఈ కథలో నిప్పు లేకపోలేదు. అది ఊళ్లో అనుకుంటున్న చోట లేదు, అంతే.

తర్వాత కొద్ది రోజులకు అప్పటి టీటీడీ ఈవో అనిల్‌కుమార్ సింఘాల్ విలేకరుల ముందుకొచ్చి వివరణ ఇచ్చారు. గుడి డబ్బు మీద పుకారు పుట్టినప్పుడు జవాబు ఎలా ఉండాలో చూడటానికి అది పనికొచ్చే ఉదాహరణ. అందులో గొప్ప మాటలేమీ లేవు. తేదీలు, తూకాలు, ఎవరి పని ఎవరిదన్న వివరం, అంతే. ఎవరికి వారు కాగితం మీద వేసి సరిచూసుకోగలిగిన లెక్క ఒకటి అందులో ఉంది. నాకు నచ్చింది అదే.

ఆ లెక్కలోకి వెళ్దాం. 2016 ఏప్రిల్ 18న టీటీడీ 1,311 కిలోల బంగారాన్ని పంజాబ్ నేషనల్ బ్యాంకులో డిపాజిట్ చేసింది. కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన బంగారం డిపాజిట్ పథకం కింద మూడేళ్లకు వేసిన డిపాజిట్ అది. ఈ పథకంలో స్వల్పకాలిక డిపాజిట్‌కు ఒక ప్రత్యేకత ఉంది. అసలుతోపాటు వడ్డీని కూడా బంగారంలోనే లెక్కగడతారు, రూపాయల్లో కాదు. వడ్డీ ఏడాదికి 1.75 శాతం.

మొదటి ఏడాది 1,311 కిలోల మీద వడ్డీ సుమారు 22.9 కిలోలు. దాన్ని అసలులో కలిపితే 1,333.9. రెండో ఏడాది దాని మీద ఇంకో 23.3 కిలోలు, మొత్తం 1,357.3. మూడో ఏడాది మరో 23.7 కిలోలు. కూడితే 1,381. వేపంపట్టు దగ్గర వాహనంలో ఉన్న బంగారం కూడా 1,381 కిలోలే. వడ్డీ మీద వడ్డీ కట్టకుండా బారువడ్డీ వేసి చూస్తే 1,380 కూడా దాటదు. అంటే ఆ అంకెను ఎవరో అప్పటికప్పుడు అతికించలేదు, డిపాజిట్ షరతుల నుంచే అది పుట్టింది.

తేదీ సంగతీ చూడండి. 2016 ఏప్రిల్ 18న వేసిన మూడేళ్ల డిపాజిట్ 2019 ఏప్రిల్ 18కి గడువు తీరుతుంది. తమిళనాడులో పోలింగు సరిగ్గా ఆ రోజే. బంగారం బ్యాంకు చేతిలో చెన్నైలో ఉంది, గడువు నాటికి తిరుపతిలో అప్పగించాలి. ఎన్నికల నియమావళి కింద అడుగడుగునా తనిఖీలు జరుగుతున్న రాత్రే బండి రోడ్డెక్కింది అందుకే. అది వెళ్తున్నది కూడా కొండ నుంచి చెన్నైకి కాదు, చెన్నై నుంచి తిరుపతికి. పుకారు చెప్పిన దానికి పూర్తిగా ఎదురు దిక్కు. బ్యాంకు పత్రాలు చూపాక బంగారాన్ని విడిచిపెట్టారు, అది టీటీడీ ఖజానాకు చేరింది.

నగలు కరిగించారన్న అనుమానానికి జవాబు పథకంలోనే ఉంది. ఈ డిపాజిట్‌లోకి వెళ్లిన బంగారాన్ని శుద్ధి చేసి కడ్డీలుగా మారుస్తారు. తిరిగి వచ్చేది అంతే బరువు, నిర్ణీత స్వచ్ఛత ఉన్న బంగారం. మనం బ్యాంకులో వేసిన నోటే మనకు తిరిగి రానట్టు, ఇచ్చిన ముక్కే తిరిగి రాదు.

మరి టీటీడీ మనుషులు వెంట ఎందుకు లేరు? ఈవో జవాబు సూటిగా ఉంది. తిరుపతి ఖజానాలో తూకం వేసి అప్పగించేదాకా బాధ్యత బ్యాంకుదే. దారిలో రక్షణ, రవాణా, పత్రాలు అన్నీ బ్యాంకు చూసుకోవాలి. ఒప్పందం ప్రకారం ఇది సరైన మాటే. కానీ అంత బంగారాన్ని అలాంటి రాత్రి, సరైన బందోబస్తు, కాగితాలు లేకుండా పంపారా అన్న ప్రశ్న అక్కడితో తీరిపోలేదు. నేను నిప్పు అన్నది దీన్నే. దాని మీద రాష్ట్ర ప్రధాన కార్యదర్శి విచారణకు ఆదేశించారు. బంగారం పోలేదని తేలడం ఒకటి, తెచ్చిన తీరు సరిగ్గా ఉందా అన్నది ఇంకొకటి. మొదటిది అంకెలతో తేలుతుంది. రెండోదాన్ని తేల్చాల్సింది విచారణ. మంచి వివరణ ఈ రెండింటినీ కలిపి కట్టదు. బంగారం భద్రంగా చేరింది కదా, ఇంకేం అడుగుతారని అనదు.

అనుమానపడ్డవాళ్ల భక్తిని ప్రశ్నించే అలవాటు మన దగ్గర ఉంది. దేవుడి సొమ్ము తిన్నవాడు బాగుపడతాడా అంటారు, కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తామంటారు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణానికి తరతరాలుగా విలువ ఉంది, కాదనను. కానీ పద్దు అడిగినవాడికి చూపాల్సింది పద్దు.

ఇక రెండో సందర్భం. 2022 చివర్లో ఇంకో మాట ఊరంతా తిరిగింది. టీటీడీ తన మిగులు నిధులను రాష్ట్ర ప్రభుత్వ సెక్యూరిటీల్లో పెట్టాలని పాలకమండలి నిర్ణయించిందట. సెక్యూరిటీ అంటే ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చే పత్రం. మాట నిజమైతే భక్తుల కానుకలు ప్రభుత్వానికి అప్పుగా వెళ్తాయన్నమాట. దీన్ని ఖండిస్తూ ఆ నవంబరులో టీటీడీ ఒక శ్వేతపత్రం విడుదల చేసింది. 2019లో 13,025 కోట్లున్న బ్యాంకు డిపాజిట్లు 2022 సెప్టెంబరు 30 నాటికి 15,938 కోట్లకు చేరాయని, బ్యాంకుల్లో బంగారం 7,339.74 కిలోల నుంచి 10,258.37 కిలోలకు పెరిగిందని అందులో ఉంది. ఏ బ్యాంకులో ఎంతో కూడా విడివిడిగా ఇచ్చారు.

ఈ పత్రంలో మెచ్చుకోదగ్గది స్పష్టంగా కనిపిస్తుంది. రెండు తేదీలు, రెండు అంకెలు, వాటి విభజన. ఒక్క అంకె ఇస్తే చదివేవాడు దేనితో పోల్చుకోవాలో తెలియదు. రెండుంటే పెరిగిందో తరిగిందో తనే చూసుకుంటాడు. కానీ నాకు రెండు లోపాలు కనిపించాయి. ఒకటి, కుట్రతో చేస్తున్న దుష్ప్రచారాన్ని నమ్మవద్దనే ధోరణి అందులో ఉంది. కుట్ర అనగానే ఎవరు, ఎందుకు అన్న కొత్త వాదం మొదలవుతుంది, అంకెలు వెనక్కి పోతాయి. రెండోది ఇంకా ముఖ్యం. పుకారు డబ్బు మాయమైందని కాదు, ఒక నిర్ణయం జరిగిందని. డిపాజిట్ల పట్టిక సెప్టెంబరు 30న డబ్బు ఎక్కడుందో చెబుతుంది కానీ, అక్టోబరులో ఏ తీర్మానం చేశారో చెప్పదు. అలాంటి పుకారుకు సూటిగా తగిలే కాగితం పాలకమండలి తీర్మానం, పెట్టుబడుల నిబంధనల ప్రతి. ఏ ప్రశ్నకు ఏ కాగితం జవాబో చూసుకోకుండా దొరికిన అంకెలన్నీ గుమ్మరిస్తే పత్రం పెద్దదవుతుంది గానీ అనుమానం అలాగే ఉంటుంది.

అంకెలు ఇచ్చినా జాగ్రత్త అవసరం. 2019 ఏప్రిల్ వివరణలో ఈవో చెప్పిన మొత్తం బంగారం 9,259 కిలోలు. 2022 శ్వేతపత్రంలో 2019 నాటి బంగారం 7,339.74 కిలోలు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, దాదాపు రెండు టన్నులు ఎవరు మింగారని ఎవరైనా ఒక వాక్యం రాస్తే చాలు, రేపటికల్లా అది రాష్ట్రమంతా తిరుగుతుంది. లెక్క విడదీస్తే అందులో వింతేమీ లేదు. 9,259లో స్టేట్ బ్యాంకులో 5,387, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకులో 1,938, అప్పుడే తిరిగొచ్చిన 1,381, ఖజానాలో ఉన్న 553 అన్నీ కలిసి ఉన్నాయి. శ్వేతపత్రం చెప్పింది బ్యాంకుల్లో ఉన్నదాన్ని మాత్రమే. బ్యాంకులవి రెండే కూడితే 7,325 కిలోలు, అంటే శ్వేతపత్రం అంకెకు పదిహేను కిలోల దూరంలోకి వస్తుంది. అంకెలు అబద్ధం కాదు, దేన్ని లెక్కలో వేసుకున్నారన్నది వేరు. పక్కనే ‘ఇందులో ఖజానాలోని బంగారం కలపలేదు’ అని ఒక్క వాక్యం రాస్తే ఆ అనుమానానికి తావుండదు.

అనుమానాలన్నీ పుకార్లే అనుకుంటే మోసపోతాం. తిరుమలలో హుండీ కానుకలు లెక్కించే పరకామణిలో విదేశీ నోట్లు దొంగిలిస్తూ ఒక గుమాస్తా పట్టుబడ్డాడని 2023లో కేసు నమోదైంది. ఆ కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయిన తీరు మీద హైకోర్టు 2025లో సీఐడీ విచారణకు ఆదేశించింది. అందుకే ‘మా గుడిలో ఎప్పుడూ ఏ తప్పూ జరగలేదు, జరగదు’ అని రాయకూడదు. అది ఎవరూ నిరూపించలేని మాట. ఫలానా రోజు ఫలానా సొమ్ము ఎక్కడికి వెళ్లిందో చెప్పడం చేతనయ్యే పని. వివరణ అక్కడికే పరిమితం కావాలి.

టీటీడీకి లెక్కల విభాగం ఉంది, ఆడిటర్లున్నారు. ఊళ్లోని రామాలయానికో, శివాలయానికో పుకారు పుడితే ఎలా? ఒక ఊహా సందర్భం తీసుకుందాం. గుడికి శాశ్వత అన్నదాన నిధి ఉంది. దాతలిచ్చిన 18 లక్షల అసలు బ్యాంకులో ఉంటుంది, దాన్ని ముట్టుకోరు, నెలనెలా వచ్చే వడ్డీతోనే అన్నం పెడతారు. కొత్త రథం పనులు నడుస్తున్న నెలలో ఎవరో గుడి పాస్‌బుక్ పేజీని ఫోన్లో ఫొటో తీశారు. అందులో మార్చి 14న 18,00,000 బయటికి వెళ్లినట్టు ఉంది. ‘అన్నదానం డబ్బుతో రథం చేయిస్తున్నారు’ అన్న మాట ఆ ఫొటోతో కలిసి రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది.

ఫొటో నిజమైనదే. అలాంటి పుకార్లు చాలావరకు ఇలాగే పుడతాయి, నిజమైన కాగితంలో సగం ముక్క చేతికి దొరికి. జరిగింది ఏమిటంటే, పాత బ్యాంకులో డిపాజిట్ గడువు తీరి డబ్బు 12న పొదుపు ఖాతాలో పడింది. రెండు రోజుల తర్వాత, ఎక్కువ వడ్డీ ఇస్తున్న మరో బ్యాంకుకు మళ్లించి అక్కడ మళ్లీ డిపాజిట్ చేశారు. పాస్‌బుక్‌లో వెళ్లిన వరుస కనబడుతుంది. అది చేరిన చోటు కొత్త బ్యాంకు రసీదులో ఉంటుంది.

అర్ధరాత్రి ఫోన్ చేసి ‘ఏమయ్యా, మమ్మల్ని దొంగలంటావా’ అని ఎవరి మీదో విరుచుకుపడే బదులు ధర్మకర్తల మండలి ఇలా ఒక కాగితం అంటించొచ్చు:

‘శాశ్వత అన్నదాన నిధి నుంచి మార్చి 14న 18,00,000 రూపాయలు బయటికి వెళ్లినట్టు చూపే పాస్‌బుక్ ఫొటో కొందరికి చేరింది. ఆ ఫొటో మా ఖాతాదే. పాత డిపాజిట్ గడువు మార్చి 12న తీరింది. ఆ మొత్తాన్ని 14న మరో బ్యాంకుకు బదిలీ చేసి, అదే రోజు అన్నదాన నిధి పేరుతో తిరిగి డిపాజిట్ చేశాం. రసీదు నకలు కింద ఉంది. ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రమే చూపించాం. రథానికి ఇప్పటిదాకా అయిన ఖర్చు 6,40,000 రూపాయలు. అది రథం కోసం దాతలిచ్చిన ప్రత్యేక ఖాతా నుంచి వెళ్లింది. ఆ రసీదు పుస్తకం, బిల్లులు కార్యాలయంలో ఉన్నాయి. బ్యాంకు మార్చే ముందు మండలి తీర్మానం రాయాల్సింది. అది బదిలీ తర్వాత మార్చి 20న రాశాం. ఆ ఆలస్యాన్ని ఆడిట్‌లో తెలియజేస్తాం. పద్దులు చూడాలనుకునేవారు ఈ శనివారం, ఆదివారం ఉదయం 9 నుంచి 12 వరకు కార్యాలయానికి రావచ్చు.’

కింద తేదీ, చైర్మన్ సంతకం, కార్యనిర్వహణాధికారి సంతకం. అంతే.

దీన్ని ఒకసారి గమనించండి. మొదటి వాక్యంలోనే పుకారు ఏమిటో చెప్పారు, కానీ దాన్ని పుకారు అనలేదు, అబద్ధం అనలేదు. చదివేవాడు ఆ మాట నమ్మి ఉండొచ్చు. మొదటి వాక్యంలోనే అతన్ని మూర్ఖుడంటే రెండో వాక్యం చదవడు. రెండో వాక్యంలో ఫొటో మాదేనని ఒప్పుకున్నారు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఫొటో నకిలీదని తొందరపడి అంటారు, మర్నాడు అది అసలుదని తేలితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు.

తీర్మానం ఆలస్యమైన సంగతి చెప్పడానికి మండలిలో ఎవరో ఒకరు ఒప్పుకోరు. ‘అడగనిది మనమెందుకు చెప్పడం’ అంటారు. కానీ తీర్మానం పుస్తకంలో 20వ తేదీ కనబడుతూనే ఉంటుంది. పద్దులు చూడటానికి రమ్మని పిలిచి, వచ్చినవాడు తనంతట తాను అది కనిపెట్టేలా వదిలేస్తే, అప్పుడది చిన్న పొరపాటుగా మిగలదు. పుకారుకు కొత్త సాక్ష్యంగా మారుతుంది.

ఆ కాగితంలో లేనివి కూడా చూడాలి. ఫొటో తీసిందెవరో రాయలేదు. ఫలానా పార్టీవాళ్ల పని అనలేదు. తాము ఎన్నేళ్లుగా పైసా ఆశించకుండా గుడికి సేవ చేస్తున్నారో చెప్పుకోలేదు. పరువునష్టం దావా వేస్తామని బెదిరించలేదు. ఇవన్నీ మనసులో ఉంటాయి, ఉండటం సహజం కూడా. కానీ ఆ 18 లక్షలు ఎక్కడున్నాయన్న ప్రశ్నకు వీటిలో ఒక్కటీ జవాబు కాదు.

ఒకవేళ డబ్బు నిజంగానే రథానికి వెళ్లి ఉంటే? అలాంటప్పుడు ఈ కాగితం రాయడానికి లేదు. ఒక పనికని దాత ఇచ్చిన సొమ్మును ఇంకో పనికి వాడటం, అది గుడి పనే అయినా, తప్పే. దేవుడికే కదా ఖర్చుపెట్టామన్నది జవాబు కాదు. అప్పుడు రాయాల్సింది వేరు. ఎంత తీశారు, ఎవరి అనుమతితో తీశారు, దేవాదాయ శాఖకు ఎప్పుడు తెలిపారు, ఏ తేదీలోగా నిధిలో తిరిగి జమ చేస్తారు. అది వివరణ కిందికి రాదు, సంజాయిషీ అవుతుంది.

సంగతి ఇంకా తేలకపోతే తేలలేదనే రాయాలి. హుండీ లెక్కలో తేడా ఉందని మాట వచ్చిందనుకుందాం. హుండీ తెరిచినప్పుడు సీళ్లు సరిగ్గా ఉన్నాయా లేదా, ఎవరెవరి సమక్షంలో లెక్కించారు, ఏ విలువ నోట్లు ఎన్ని, బ్యాంకులో ఎంత జమ చేశారు అన్నవన్నీ పంచనామాలో ఉంటాయి. ఆ పంచనామా మొత్తం, బ్యాంకు జమ చీటీలో అంకె ఒకటేనా కాదా అన్నది ఒక గంటలో తేలుతుంది. ఆ రెండూ కలిస్తే ఆ మేరకు చెప్పొచ్చు. కానీ సీలు వేయకముందే హుండీలోంచి ఎవరైనా తీశారా అన్నది ఆ రెండు కాగితాలూ చెప్పలేవు. దానికి కెమెరా దృశ్యాలు చూడాలి, తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో విచారించాలి. ‘లెక్కించిన మొత్తం, జమ అయిన మొత్తం సమానం. అంతకుముందు ఏమైనా జరిగిందా అన్నది తనిఖీ అధికారి పరిశీలిస్తున్నారు. నివేదిక రాగానే ఇక్కడే అంటిస్తాం’ అని రాస్తే సరిపోతుంది.

ఆ కాగితం గుడి నోటీసు బోర్డు మీదే ఆగిపోకూడదు. పుకారు ఏ వాట్సాప్ గుంపులో తిరిగిందో అందులోకే పంపాలి, ముక్కలు కోయకుండా మొత్తంగా. తర్వాత ఒక అంకె తప్పని తేలితే పాత కాగితాన్ని చింపేయకూడదు. దాని పక్కనే కొత్త తేదీతో ఇంకో కాగితం అంటించి, ఏ అంకె ఎందుకు మారిందో రెండు వాక్యాల్లో రాయాలి. ఆడిట్ నివేదిక వచ్చాక దాని నకలు మూడో కాగితంగా వాటి పక్కనే పెట్టాలి.